గడువు తేదీకి మూడు ముఖాలు: ఎక్సెల్‌లో వారం, నెల, హిజ్రీ

సౌదీలో కాపురం చేసే తెలుగింట్లో తేదీకి ఒక్క పేరు సరిపోదు. పిల్లల స్కూలు, ఇండియా టికెట్లు ఇంగ్లీషు నెలల్లో నడుస్తాయి. ఇకామా మాట వస్తే హిజ్రీ తేదీ ముందుకొస్తుంది. ఊళ్లో అమ్మకు ఫోన్ చేస్తే ఆవిడ అడిగేది తేదీ కాదు, "ఏ వారం వస్తున్నారే?" అని. ఇక్కడ సెలవులు శుక్ర, శనివారాలు. అక్కడ మన బ్యాంకుకు ఆదివారాలతో పాటు రెండో శనివారం, నాలుగో శనివారం కూడా సెలవే. 2013 జూన్ దాకా ఇక్కడి వారాంతం గురు, శుక్రవారాలు ఉండేది కాబట్టి, పాతకాపులకు ఇప్పటికీ గురువారం అనగానే సెలవులాగే అనిపిస్తుంది.

ఇన్ని లెక్కల మధ్య మనలో చాలామంది ఇంటి కాగితాలన్నిటికీ ఒక ఎక్సెల్ షీట్ పెట్టుకుంటాం. పాస్‌పోర్టులు, ఇకామాలు, ఎగ్జిట్ రీఎంట్రీ వీసాలు, కారు ఇన్సూరెన్స్, స్కూలు ఫీజు అన్నీ అందులోనే. ఆ షీట్లో TEXT అనే ఒక ఫంక్షన్ ఉంటుంది. ఒకే తేదీని వారం పేరుగా, నెల పేరుగా, తెలుగులో, హిజ్రీలో చూపిస్తుంది. చాలామంది దాన్ని షీట్ అందంగా కనబడడానికి వాడతారు. నేను మాత్రం కాపలాకు వాడతాను. తప్పుగా పడిన తేదీని పట్టుకోవడానికి అంతకంటే తేలికైన దారి నాకు తెలియదు.

ముందు ఒక సంగతి తెలిస్తే మిగతాదంతా సులువు. ఎక్సెల్‌కు తేదీ అంటే ఒక అంకె. 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకుని రోజులు లెక్కబెడుతూ వస్తుంది. ఆ లెక్కలో 2025 ఏప్రిల్ 5 అంటే 45752. గడిలో మనకు కనిపించే 05/04/2025 ఆ అంకెకు వేసిన చొక్కా మాత్రమే. అందుకే "ఇకామా గడువు" అన్న మాట పక్కన & పెట్టి ఆ గడిని కలిపితే "ఇకామా గడువు 45752" అని వస్తుంది. మాటతో కలిపేటప్పుడు చొక్కా ఊడిపోతుంది. ఏ చొక్కా వేయాలో చెప్పేదే TEXT.

```
=TEXT(C2,"dddd")
=TEXT(C2,"d mmmm yyyy")
```

C2లో 2025 ఏప్రిల్ 5 ఉంటే, ఇంగ్లీషు సెట్టింగులున్న కంప్యూటర్లో మొదటిది Saturday అని, రెండోది 5 April 2025 అని చూపిస్తుంది. అక్షరాల సంఖ్యను బట్టి ఫలితం మారుతుంది. ఒక d రాస్తే 5, రెండు రాస్తే 05, మూడు రాస్తే Sat, నాలుగు రాస్తే Saturday. m కూడా అంతే: ఒకటికి 4, రెంటికి 04, మూడింటికి Apr, నాలుగింటికి April. సంవత్సరానికి yyyy. కొటేషన్ గుర్తులు తప్పనిసరి. ఫార్ములా రాయగానే ఎక్సెల్ ఒప్పుకోకపోతే, C2 తర్వాత కామా బదులు సెమికోలన్ పెట్టి చూడండి. కొన్ని దేశాల సెట్టింగుల్లో అదే నడుస్తుంది.

ఇప్పుడు అసలు కథకు వద్దాం. మా కాంపౌండ్‌లో ఉండే ఒక అక్క, వాళ్లాయన ఆఫీసు కాగితంలో ఉన్న గడువులన్నీ షీట్లోకి ఎక్కించింది. ఇకామా గడువు కాగితంలో 05/04/2025 అని ఉంది. ఆఫీసు ఉద్దేశం ఏప్రిల్ 5. ఆవిడ ల్యాప్‌టాప్ అమెరికాలో ఉన్న తమ్ముడు ఇచ్చినది. దాని తేదీ సెట్టింగు అక్కడి పద్ధతిలో, నెల ముందు, రోజు తర్వాత. ఆవిడ 05/04/2025 అనే టైపు చేసింది, గడిలో 5/4/2025 అనే కనిపించింది. చూడ్డానికి ఏ తేడా లేదు. కానీ ఎక్సెల్ దాన్ని మే 4గా రాసుకుంది. లోపల అంకె 45752 కాదు, 45781. అంటే ఇరవై తొమ్మిది రోజుల దొంగ గడువు.

ఇది చిన్న విషయం కాదు. ఇకామా రెన్యూవల్ ఆలస్యమైతే మొదటిసారి 500 రియాళ్ల జరిమానా, రెండోసారి 1000, మూడోసారి దేశం నుంచి పంపించేసే దాకా వెళ్తుంది. పైగా ఇంటాయన ఇకామా మీదే భార్యాపిల్లల ఇకామాలు ఆధారపడి ఉంటాయి. వేసవికి ఇండియా వెళ్లాలంటే కావలసిన ఎగ్జిట్ రీఎంట్రీ కూడా ఇకామా సరిగా ఉంటేనే.

ఆ షీట్లో గడువు పక్కన ఒక కొత్త కాలమ్ వేసి నెలను పేరుతో చూపించమన్నాం. May అని వచ్చింది. ఆవిడ వెంటనే, "మే ఏమిటి? రంజాన్ పండుగ అయిన వారానికే కదా అయిపోయేది!" అంది. అంకెల్లో దాక్కున్న తప్పు పేరు పెట్టేసరికి బయటపడింది. 5/4 అన్నది రెండు రకాలుగా చదవవచ్చు. "ఏప్రిల్" అన్నది ఒక్క రకంగానే చదువుతాం. అందుకే తేదీలున్న ప్రతి షీట్లో, ఎంత చిన్నదైనా, నెల పేరు చూపించే కాలమ్ ఒకటి ఉండాలంటాను.

ఇలాంటి షీట్లో ఇంకో చిక్కు కూడా ఉంటుంది. అదే ల్యాప్‌టాప్‌లో ఆవిడ 15/04/2025 అని కూడా టైపు చేసింది, అది స్కూలు ఫీజు తేదీ. పదిహేనో నెల ఉండదు కాబట్టి ఎక్సెల్ దాన్ని తేదీగా ఒప్పుకోలేదు, మామూలు మాటగా ఉంచేసింది. మాటను TEXTకు ఇస్తే ఏ చొక్కా వేయకుండా ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే తిరిగిస్తుంది. కాబట్టి నెల పేరు రావలసిన చోట మళ్లీ 15/04/2025 అనే కనబడితే ఆ గడిలో ఉన్నది తేదీ కాదని తెలుసుకోండి. ఇంకో గుర్తు కూడా ఉంది. మనం ప్రత్యేకంగా సర్దకపోతే నిజమైన తేదీ గడిలో కుడివైపుకు జరిగి ఉంటుంది, మాట ఎడమవైపుకు. సందేహముంటే ఇలా అడగండి:

```
=ISNUMBER(C2)
```

TRUE వస్తే తేదీ, FALSE వస్తే మాట. ఒకే కాలమ్‌లో కొన్ని కుడికి, కొన్ని ఎడమకు ఉన్నాయంటే జాగ్రత్త పడాలి. ఎడమవైపు ఉన్నవి తేదీలు కావు, కుడివైపు ఉన్నవాటిలో కొన్ని నెల, రోజు తారుమారై ఉండవచ్చు. ఎడమవైపువి ఎలాగూ కళ్లకు కనబడతాయి. మోసం చేసేవి కుడివైపువే. ఆ షీట్లో తేదీలన్నీ అసలు కాగితం చూసి తిరిగి ఎక్కించడమే మంచిది. ఎక్కించేటప్పుడు 2025-04-05 అని సంవత్సరం ముందుగా గానీ, ఈ ఫార్ములాతో గానీ రాస్తే ఏ దేశపు సెట్టింగైనా తారుమారు చేయదు:

```
=DATE(2025,4,5)
```

సంవత్సరం, నెల, రోజు. వరుస ఎప్పుడూ ఇదే.

నెల పేరు మొదటి కాపలా అయితే, సౌదీలో ఉన్నవాళ్లకు రెండో కాపలా హిజ్రీ తేదీ. ఇకామా గడువు హిజ్రీలో ఏమిటో చాలా ఇళ్లలో ఎక్కడో ఒకచోట రాసే ఉంటుంది. షీట్లోని మన తేదీని ఎక్సెల్ చేతనే హిజ్రీలోకి మార్పించి, రాసిపెట్టుకున్న దానితో పోల్చి చూస్తే చాలు.

```
=TEXT(C2,"[$-1170000]B2dd/mm/yyyy")
```

ఇందులో B2 అంటే గడి పేరు కాదు, హిజ్రీలో చూపించమన్న ఆజ్ఞ. ముందున్న చదరపు బ్రాకెట్లలోని 17 అన్న అంకెలు ఉమ్ అల్ ఖురా క్యాలెండర్‌ను సూచిస్తాయి. సౌదీ ప్రభుత్వం వాడేది అదే. C2లో 2025 ఏప్రిల్ 5 ఉంటే 07/10/1446 వస్తుంది, అంటే షవ్వాల్ 7. ఆ ఏడాది షవ్వాల్ ఒకటో తేదీ, అంటే రంజాన్ పండుగ, మార్చి 30న వచ్చింది, కాబట్టి లెక్క సరిపోయింది. అక్క షీట్లో తప్పుగా పడిన మే 4కు అయితే 06/11/1446 వచ్చింది. ఆవిడ డైరీలో హిజ్రీ తేదీ 07/10/1446 అని రాసి ఉంది. నెల పేరు చూసి అనుమానం వస్తే, హిజ్రీ చూశాక అనుమానం తీరిపోయింది.

ఇక్కడ ఒక హద్దు చెప్పాలి. బ్రాకెట్లు లేకుండా ఉత్త B2 రాసినా ఎక్సెల్ హిజ్రీ తేదీ చూపిస్తుంది. అయితే అది నెలలకు ముప్పై, ఇరవై తొమ్మిది రోజులు వరసగా పంచుకుంటూ పోయే లెక్క. ఉమ్ అల్ ఖురా క్యాలెండర్ అమావాస్య, చంద్రాస్తమయాల గణితం మీద నడుస్తుంది. అందువల్ల రెంటికీ ఒక్కోసారి ఒక రోజు తేడా వస్తుంది. మీ కంప్యూటర్ ఏ లెక్క చూపిస్తోందో తెలుసుకోవడానికి ఒక తేదీతో పరీక్షించండి. ఒక గడిలో =DATE(2024,7,7) రాసి పై ఫార్ములా దానికి పెట్టండి. ఉమ్ అల్ ఖురా ప్రకారం అది 1446 ముహర్రం ఒకటి, కాబట్టి 01/01/1446 రావాలి. 1445లోని చివరి రోజు వస్తే మీ ఎక్సెల్ ఆ క్యాలెండర్‌ను పాటించడం లేదన్నమాట. అప్పుడు దాన్ని పోల్చుకోవడానికి మాత్రమే వాడండి, అసలు గడువు అబ్షర్‌లో చూసుకోండి. నెల రోజుల తప్పును అది ఎలాగూ పట్టిస్తుంది, ఒక్క రోజు తేడాను మాత్రం నమ్మకండి. పై ఫార్ములా కంప్యూటర్లోని ఎక్సెల్ కోసం. ఫోన్లోనో వేరే షీట్ ప్రోగ్రామ్‌లోనో తెరిచినప్పుడు ఇదే పరీక్ష మళ్లీ చేయండి.

మూడోది వారం. 2025 ఏప్రిల్ 5 శనివారం. ఇక్కడ శనివారం ఆఫీసులు చాలావరకు మూసే ఉంటాయి. అబ్షర్ ఎప్పుడైనా తెరుచుకుంటుంది కానీ, రెన్యూవల్ డబ్బు కట్టాల్సింది ఇంటాయన కంపెనీ, ఆ పని చేసే మనిషి ఆదివారం గానీ రాడు. కాబట్టి గడువు ఏ వారమో తెలియడంతో పని అయిపోదు, దానికి ముందు వచ్చే ఆఖరి పనిరోజు ఏదో తెలియాలి. ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. వారం పేరు ఉన్న గడిని పట్టుకుని దానిలోంచి రోజులు తీసేయాలని చూస్తారు. "శనివారం" అన్న మాటలోంచి రెండు తీసేయడం ఎక్సెల్‌కు చేతకాదు, #VALUE! అంటుంది. లెక్కలన్నీ అసలు తేదీతో చేయాలి, TEXT ఆఖరున వేయాలి:

```
=TEXT(WORKDAY.INTL(C2+1,-1,7),"ddd d mmm")
```

WORKDAY.INTL పనిరోజులను లెక్కబెడుతుంది. చివరనున్న 7 అంటే శుక్ర, శనివారాలు సెలవని అర్థం. శని, ఆదివారాలు సెలవుండే దేశాల్లో ఉన్నవాళ్లు అక్కడ 1 రాయాలి. C2+1 నుంచి ఒక పనిరోజు వెనక్కి వెళ్లమన్నాం కాబట్టి, గడువు రోజే పనిరోజైతే అదే వస్తుంది, సెలవైతే ముందు పనిరోజు వస్తుంది. ఇక్కడ Thu 3 Apr అని చూపించింది.

కానీ అది పండుగ వారం. ఎక్సెల్‌కు రంజాన్ సెలవులు తెలియవు, మనమే చెప్పాలి. ఆ అక్క వాళ్లాయన ఆఫీసుకు మార్చి 30 నుంచి ఏప్రిల్ 3 దాకా సెలవు. ఆ అయిదు తేదీలు పక్కన K2 నుంచి K6 దాకా రాసి ఫార్ములాలో కలిపాం:

```
=TEXT(WORKDAY.INTL(C2+1,-1,7,$K$2:$K$6),"ddd d mmm")
```

ఇప్పుడు వచ్చింది Thu 27 Mar. మే 4 అనుకుని తీరిగ్గా కూర్చున్న మనిషికి నిజానికి ఉన్న గడువు మార్చి 27. తేదీ తిరగబడడం, శనివారం, పండుగ సెలవులు, ఈ మూడూ కలిసి అయిదు వారాలకు పైగా మింగేశాయి. అదృష్టం కొద్దీ అప్పటికి ఇంకా ఫిబ్రవరే. ఆవిడ ఆ సాయంత్రమే వాళ్లాయనకు ఫోన్ చేసి చెప్పింది, రెన్యూవల్ పండుగకు ముందే అయిపోయింది.

ఇక తెలుగు. ఇక్కడ కొన్న ల్యాప్‌టాప్‌లు కొన్ని అరబిక్ సెట్టింగులతో వస్తాయి. అలాంటి వాటిలో mmmm అని రాస్తే నెల పేరు అరబిక్‌లో రావచ్చు. ఆ షీట్‌నే హైదరాబాద్‌లో తెరిస్తే ఇంగ్లీషులో వస్తుంది. ఎందుకంటే భాష చెప్పకపోతే TEXT ఆ కంప్యూటర్ భాషనే తీసుకుంటుంది. ఎక్కడ తెరిచినా ఒకేలా ఉండాలంటే భాష సంకేతాన్ని చదరపు బ్రాకెట్లలో రాయాలి. ఇంగ్లీషుకు 409, తెలుగుకు 44A.

```
="ఇకామా గడువు: "&TEXT(C2,"[$-44A]dddd, d mmmm yyyy")
```

దీనికి "ఇకామా గడువు: శనివారం, 5 ఏప్రిల్ 2025" అని వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లకు వాట్సాప్‌లో పంపాలంటే ఈ గడిని కాపీ చేసి పెడితే సరిపోతుంది. మా అత్తగారికి నేను ప్రయాణం తేదీలు ఇలాగే పంపుతాను. ఆవిడకు అంకెలకంటే "శనివారం" అన్న మాటే ముఖ్యం. అయితే ఇది వారం, ఇంగ్లీషు నెల పేర్లను తెలుగు అక్షరాల్లో చూపించడమే. చైత్రం, వైశాఖం, తిథి ఎక్సెల్‌కు తెలియవు. ముహూర్తానికి పంచాంగమే చూసుకోవాలి. జర్మనీలో ఉన్న చెల్లెళ్లకు ఇంకో మాట: జర్మన్ సెట్టింగుల్లో రోజుకు T, సంవత్సరానికి J వాడాలి. అక్కడ dddd పని చేయకపోతే TTTT రాయండి.

చివరిగా, TEXT ఇచ్చినదాన్ని ఎక్కడ వాడకూడదో కూడా తెలియాలి. ఇంటికి పంపిన డబ్బుల లెక్క రాసుకునేవాళ్లు నెలవారీగా కూడడానికి పక్కన "mmmm" కాలమ్ వేస్తుంటారు. దాన్ని వరసలో పెడితే April ముందొస్తుంది, తర్వాత August, December. ఎందుకంటే అవి మాటలు, అకారాది క్రమంలోనే నిలబడతాయి. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. 2024 మార్చిలో పంపింది, 2025 మార్చిలో పంపింది రెండూ March కిందే కలిసిపోతాయి, ఏ ఏడాది ఎంత పంపామో తెలియదు. కూడడానికీ వరసలో పెట్టడానికీ ఇలా రాయండి:

```
=TEXT(A2,"yyyy-mm")
```

2025-03 అని వస్తుంది. ఏడాది ముందుంది కాబట్టి అక్షర క్రమంలో పెట్టినా కాలక్రమంలోనే నిలబడుతుంది, ఏ మార్చి ఆ మార్చిగా ఉంటుంది.

నా షీట్లో ఇప్పుడు ఒక్కో కాగితానికి ఒక వరస. C కాలమ్‌లో నిజమైన తేదీ, దాన్ని చేత్తో ఎక్కించేది ఒక్కసారే. D, E, F, Gలలో వరసగా వారం, తెలుగు తేదీ, హిజ్రీ, ఆఖరి పనిరోజు. ఈ నాలుగూ TEXT ఇచ్చేవే, వాటిలో నేను ఏమీ టైపు చేయను. గడువు మారితే Cలో మారుస్తాను, మిగతావి వాటంతట అవే మారతాయి. ఎన్ని రోజులు మిగిలాయో చూసుకోవడానికి H కాలమ్‌లో =C2-TODAY() ఉంది, అదీ Cనే చూస్తుంది. కొత్త కాగితం వచ్చినప్పుడు C నింపాక, E గట్టిగా చదువుతాను, Fను అబ్షర్‌లోని తేదీతో పోలుస్తాను. రెండూ సరిపోతేనే షీట్ మూస్తాను.